మెథడ్స్, లిమిటేషన్స్ ఎలా చదవాలి: చెంగల్పట్టు బీసీజీ ట్రయల్ పట్టుకుని ఒక జవాబు

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో బీఎస్సీ బయోటెక్నాలజీ ఫస్టియర్ చదువుతున్నాను. చెంగల్పట్టు జిల్లాలో టీబీకి వేసే బీసీజీ టీకా మీద జరిగిన ట్రయల్ గురించి 1999లో వచ్చిన పేపర్‌ని క్లాసులో ప్రెజెంట్ చెయ్యాలి. అబ్‌స్ట్రాక్ట్ చదివి "బీసీజీ పనిచెయ్యదు" అని స్లయిడ్ పెట్టాను. మేడమ్ చూసి, "మెథడ్స్, లిమిటేషన్స్ చదివి మళ్లీ రా" అన్నారు. మెథడ్స్ చదువుతుంటే నిద్ర ముంచుకొస్తోంది. లిమిటేషన్స్ అనే హెడ్డింగే నాకు కనబడలేదు. అసలు వీటిలో ఏం చూడాలి? చాలా టెన్షన్‌గా ఉంది, పెద్దవాళ్లెవరైనా చెప్పండి.

జవాబు:

ముందు ఆ స్లయిడ్ తీసెయ్యి. అందులో "ఎవరికి పనిచెయ్యదు", "ఏ జబ్బు మీద పనిచెయ్యదు" అన్న రెండు సంగతులు లేవు. మీ మేడమ్ వెనక్కి పంపింది అందుకే అయ్యుంటుంది. ఆ రెండూ దొరికేది మెథడ్స్‌లోనే. పేపర్ మాత్రం మంచిది పడింది నీకు. ఊరికి దగ్గర్లో జరిగిన పని, ప్రపంచమంతా చర్చించిన పని. ఆ పల్లెలు ఇప్పటి తిరువళ్లూరు వైపువి. ఆ పరిశోధన సంప్రదాయాన్ని నడిపిస్తున్న ఐసీఎంఆర్ టీబీ సంస్థ చెట్‌పేట్‌లోనే ఉంది.

మెథడ్స్ చదివితే నిద్ర రావడానికి కారణం, దాన్ని కథలాగా మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవడం. అది అలా చదవడానికి రాసింది కాదు. ఇంకొకరు ఆ పనిని మళ్లీ చెయ్యాలంటే కావలసినవన్నీ ఉండాలని రాసింది. టీకా ఏ స్ట్రెయినో, డోసు ఎన్ని మిల్లీగ్రాములో, కఫాన్ని ఎలా కల్చర్ చేశారో, ఇవన్నీ మొదటిసారి చదివేటప్పుడు నీకు అక్కర్లేదు. నువ్వు ఒక నోట్‌బుక్ తీసుకుని ఈ వాక్యం రాసుకో, ఖాళీలు వదిలి:

"ఫలానా చోట, ఫలానా మనుషుల్లో, ఫలానాది ఇచ్చినవాళ్లనీ ఫలానాది ఇచ్చినవాళ్లనీ ఇన్నేళ్లపాటు చూసి, ఫలానా పద్ధతిలో పట్టుకున్న ఫలానా జబ్బు ఎంతమందికి వచ్చిందో లెక్కపెట్టారు."

ఇప్పుడు మెథడ్స్‌లోకి వెళ్లి ఆ ఖాళీలు నింపడానికి కావలసిన ముక్కల కోసం మాత్రమే వెతుకు. మిగతాదాని మీద కళ్లు పరిగెత్తించు, చాలు. ఖాళీ నిండకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టు. ఆ ప్రశ్నార్థకాలే తర్వాత లిమిటేషన్స్ చదివేటప్పుడు పనికొస్తాయి.

చోటు, కాలం సులువు. చెంగల్పట్టు జిల్లా, 1968లో మొదలు, పదిహేనేళ్ల ఫాలోఅప్. "ఫలానా మనుషులు" అన్న ఖాళీ దగ్గర మాత్రం కాసేపు ఆగు, ఎందుకంటే చాలామంది ఇక్కడ ఒక్క అంకె చూసి ముందుకెళ్లిపోతారు. ఈ పేపర్‌లో మనుషుల లెక్క ఒక్కటి కాదు, మూడు. ఆ ప్రాంతంలో పేరు నమోదు చేసింది 3,66,625 మందిని. అందులో టీకా గానీ, ఉత్తుత్తి ఇంజెక్షన్ అంటే ప్లసీబో గానీ ఇచ్చింది 2,81,161 మందికి. చివరికి "టీకా కాపాడిందా లేదా" అన్న అసలు లెక్క వేసింది 1,09,873 మంది మీద. మూడు లక్షల అరవై ఆరు వేలతో మొదలై లక్షా పదివేల దగ్గర ఆగింది. ఏ పేపర్ చదివినా ఈ మెట్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకో. ప్రతి మెట్టు దగ్గర "ఎవరు దిగిపోయారు, ఎందుకు దిగిపోయారు" అని అడుగు. ఈ మధ్య వచ్చే ట్రయల్ పేపర్లలో ఇదే సంగతిని బాణాల గుర్తులతో బొమ్మగా వేస్తున్నారు. పాత పేపర్లలో నువ్వే వెతికి వేసుకోవాలి.

మొదటి మెట్టు మామూలే. ఊళ్లో లేనివాళ్లు, వద్దన్నవాళ్లు, అర్హత లేనివాళ్లు ఏ సర్వేలోనైనా ఉంటారు. రెండో మెట్టు అసలైనది. ఇంజెక్షన్ వేసినవాళ్లలోంచి సగానికి పైగా మందిని లెక్కలోంచి పక్కకి పెట్టారంటే అనుమానం రావాలి. రావడం మంచిదే. కారణం ఏమిటంటే, టీబీ క్రిమి ఒంట్లోకి అప్పటికే చేరిందో లేదో తెలుసుకోవడానికి చేతి మీద ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేస్తారు. చర్మం మీద వచ్చే గట్టి వాపుని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఈ ట్రయల్‌లో వాపు 0 నుంచి 7 మిల్లీమీటర్ల లోపు ఉండి, ఛాతీ ఎక్స్‌రేలో ఏ తేడా లేనివాళ్లని మాత్రమే అసలు లెక్కలోకి తీసుకున్నారు. క్రిమి ముందే చేరినవాళ్లకి టీకా వేసి "కాపాడిందా" అని అడగడంలో అర్థం లేదు కాబట్టి.

అయితే ఇలా కొంతమందిని పక్కన పెట్టడం సరైనదో కాదో తేల్చే పద్ధతి ఒకటుంది. ఇది ఏ పేపర్‌కైనా పనికొస్తుంది. పక్కన పెట్టడానికి వాడిన కొలత, టీకా ప్రభావం మొదలవకముందు తీసుకున్నదా, తర్వాతదా? ముందుదైతే భయం లేదు. టీకా వాళ్లలోంచీ ప్లసీబో వాళ్లలోంచీ ఒకే జల్లెడతో వడకట్టినట్టే అవుతుంది, రెండు వైపులా ఒకే రకం మనుషులు మిగులుతారు. తర్వాత తీసుకున్న కొలతతో వడకడితే, టీకాయే ఆ కొలతని మార్చి ఉండవచ్చు. అప్పుడు పోలిక చెడిపోతుంది. చెంగల్పట్టులో ట్యూబర్‌క్యులిన్, ఎక్స్‌రే రెండూ ట్రయల్‌లో చేరేటప్పటి సంగతులు. కాబట్టి ఈ మెట్టుని నువ్వు ధైర్యంగా దాటెయ్యొచ్చు. కానీ నీ వాక్యంలో "మనుషులు" అన్న ఖాళీలో ఇక "చెంగల్పట్టు జనం" అని రాయకూడదు. "చేరేటప్పటికి టీబీ క్రిమి సోకిన గుర్తులు లేని చెంగల్పట్టు జనం" అని రాయాలి. ఇంకొక సంగతి కూడా గుర్తుపెట్టుకో: టీకా వేసింది నెల నిండిన పసివాళ్ల దగ్గర్నుంచి అన్ని వయసులవాళ్లకీ. అప్పుడే పుట్టిన బిడ్డలు అందులో లేరు.

ఇక "ఫలానా జబ్బు" అన్న ఖాళీ. నీ స్లయిడ్ తప్పింది ఎక్కువగా ఇక్కడే. పేపర్ లక్ష్యమే ఊపిరితిత్తుల్లో వచ్చే, కఫంలో క్రిమి కనబడే టీబీ మీద టీకా ప్రభావం చూడటం. ఇంగ్లీషులో బాసిలరీ పల్మనరీ అని రాస్తారు. అంటే ఒక మనిషి ఈ లెక్కలో "కేసు" అవ్వాలంటే, అతని కఫంలోంచి ల్యాబులో క్రిమి బయటపడాలి. ఇది చాలా గట్టి నిర్వచనం. ఎక్స్‌రేలో మచ్చ ఉందని ఒక డాక్టర్, లేదని ఇంకో డాక్టర్ వాదించుకునే బెడద ఉండదు. కానీ గట్టి నిర్వచనానికి ఒక ఖరీదుంటుంది. మూడేళ్ల పిల్లవాణ్ణి కఫం ఉమ్మమని అడిగి చూడు. చిన్నపిల్లలు కఫం తియ్యలేరు, మింగేస్తారు. పైగా వాళ్లకి టీబీ వస్తే కఫంలో క్రిమి దొరకడం తక్కువ. మెదడు పొరలకి పాకే టీబీ మెనింజైటిస్, ఒళ్లంతా చిన్న చిన్న గింజల్లా పాకే మిలియరీ టీబీ, ఇవి పిల్లల్ని చంపే రూపాలు. ఇవేవీ ఈ నిర్వచనంలోకి రావు.

ఇప్పుడు చూడు, "బీసీజీ పనిచెయ్యదు" అన్న మాట ఎంత కుంచించుకుపోయిందో. పేపర్ కొలిచింది ఒక రూపం టీబీని. కొలవని రూపాల గురించి అది ఔననీ అనదు, కాదనీ అనదు. మెథడ్స్‌లో ప్రధాన ఫలితం ఏమిటో, దాన్ని ఎలా నిర్ధారించారో చెప్పే రెండు మూడు లైన్లుంటాయి. మొత్తం పేపర్‌లో నువ్వు పెన్సిల్‌తో గీత గీయాల్సిన చోటు ఒక్కటే ఉంటే అది అదే.

ఎవర్ని కేసు అంటారన్నది తేలాక, కేసుల్ని ఎలా వెతికారన్నది చూడాలి. ఆస్పత్రికి వచ్చినవాళ్లని మాత్రమే లెక్కపెడితే, దగ్గుతూ ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు "ఆరోగ్యవంతులు" అన్న కాలమ్‌లో పడిపోతారు. ఇక్కడ అలా వదల్లేదు. రెండున్నరేళ్లకోసారి మొత్తం ప్రాంతాన్ని మళ్లీ సర్వే చేశారు. మధ్యలో వచ్చేవాళ్ల కోసం పరీక్షా కేంద్రాలు నడిపారు. పదిహేనేళ్లు అలా చేశారు! కంప్యూటర్లు చేతిలో లేని రోజుల్లో, పేర్లు కాగితాల మీద రాసుకుని, అదే మనిషిని అదే ఇంట్లో మళ్లీ మళ్లీ పట్టుకోవడం ఎంత పనో ఫీల్డులో తిరిగినవాళ్లకి తెలుస్తుంది. ఈ పేపర్‌ని విమర్శించేముందు ఆ పని విలువ కూడా ఒక లైను చెప్పు, క్లాసులో.

అంత వెతికితే దొరికిన కేసులు ఎన్నో తెలుసా? 560. లక్షా పదివేల మందిలో, పదిహేనేళ్లలో. వెయ్యికి ఐదుగురు. ఫస్టియర్ పిల్లలు "శాంపిల్ సైజు లక్ష దాటింది, ఇంకేం కావాలి" అనుకుంటారు. కానీ ఇలాంటి ట్రయల్‌కి బలమిచ్చేది మనుషుల సంఖ్య కాదు, కేసుల సంఖ్య. ఆ 560ని ఎక్కువ డోసు, తక్కువ డోసు, ప్లసీబో అని మూడు వాటాలుగా సమానంగా పంచితే ఒక్కో దానికి 187 దాకా వస్తాయి. ఒక లెక్క యాదృచ్ఛికంగా ఎంత ఊగుతుందో తెలుసుకోవడానికి మోటు పద్ధతి ఒకటుంది: దాని వర్గమూలం తీసి, రెండింతలు చేసి, అటూ ఇటూ పెట్టు. 187కి వర్గమూలం దాదాపు 14, రెండింతలు 28. అంటే టీకాకి ఏ ప్రభావమూ లేకపోయినా ఒక గుంపులో 160 కేసులు, ఇంకో గుంపులో 210 కేసులు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పెద్ద ప్రభావం ఉంటే మాత్రం, ఉదాహరణకి టీకా కేసుల్ని సగానికి తగ్గించి ఉంటే, ఈ ఊగుడులో అది దాక్కోలేదు. మూడు గుంపుల్లోనూ జబ్బు వచ్చిన వేగం ఒకేలా ఉందని పేపర్ అంటోంది. కాబట్టి మొత్తం జనాభాలో "పెద్ద రక్షణ ఏమీ లేదు" అన్న మాట గట్టిదే.

పిల్లల దగ్గరికొచ్చేసరికి అదే పేపర్ ఇంకో మాట అంటుంది. పెద్దవాళ్లలో రక్షణ ఏమీ లేదు గానీ, పిల్లల్లో 27 శాతం ఉంది, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మైనస్ 8 నుంచి 50 దాకా. ఈ మైనస్ 8 చూసి కంగారు పడకు. దీన్ని మామూలు మాటల్లోకి దించు. టీకా లేని పిల్లల్లో 100 కేసులు వచ్చే చోట, టీకా వేసిన అంతేమంది పిల్లల్లో 73 వచ్చాయని మధ్య అంచనా. ఊగుడు కలుపుకుంటే ఆ 73 అసలు 50 అయినా కావచ్చు, 108 అయినా కావచ్చు. యాభై అంటే సగం జబ్బు ఆగినట్టు. నూట ఎనిమిది అంటే టీకా వల్ల లాభమే లేనట్టు. ఈ రెండింటిలో ఏదో తేల్చేంత కేసులు పిల్లల్లో లేవు. దీన్ని నీ క్లాసులో కొందరు "27 శాతం రక్షణ ఉంది" అంటారు, ఇంకొందరు "స్టాటిస్టికల్‌గా సిగ్నిఫికెంట్ కాదు, కాబట్టి రక్షణ లేదు" అంటారు. రెండూ తప్పే. కొంత రక్షణ ఉండే అవకాశం కనిపిస్తోంది గానీ ఈ డేటాతో నిర్ధారణ కాలేదు, అంతవరకే.

ఇక పోలిక న్యాయంగా జరిగిందా అన్నది. ఎవరికి టీకా, ఎవరికి ప్లసీబో అన్నది లాటరీలా నిర్ణయించారు. ఇచ్చేవాళ్లకీ తెలియదు, పుచ్చుకునేవాళ్లకీ తెలియదు, అదే డబుల్ బ్లైండ్. చాలామంది ఆ మాట దగ్గర టిక్కు పెట్టేసి వెళ్లిపోతారు. నువ్వు కాస్త ఆగి, ఎడమ భుజం చూసుకో. బీసీజీ మచ్చ ఉంటుంది. ప్లసీబో అలాంటి మచ్చ చెయ్యదు. అంటే ఇంజెక్షన్ వేసిన రోజున ఎవరికీ తెలియకపోయినా, కొన్నాళ్లకి ఎవరికి అసలు టీకా పడిందో చెయ్యి చూస్తే ఊహించొచ్చు. మరి ట్రయల్ చెడిపోయిందా? ఇక్కడే నువ్వు ఇందాక గీత గీసిన లైను అక్కరకొస్తుంది. కేసుని నిర్ధారించేది ల్యాబులో కల్చర్. కఫం సీసా చూస్తున్న మనిషికి ఎవరి భుజమూ కనబడదు. మచ్చ ఉందని క్రిమి పెరగడం మానదు. కాబట్టి మచ్చ వల్ల ఫలితం తారుమారయ్యే అవకాశం చాలా తక్కువ. ఇదే ట్రయల్‌లో ఫలితం "మీకు దగ్గు తగ్గిందా?" అన్న ప్రశ్నకి జవాబై ఉంటే, మచ్చ ఒక పెద్ద తలనొప్పి అయ్యేది.

లిమిటేషన్స్ చదవడమంటే, అసలు, ఈ మచ్చ దగ్గర చేసిన పనే. ఒక లోపం కనబడింది, అది ఏ ఖాళీకి తగులుతుందో చూశాం, ఫలితాన్ని ఎటువైపు నెడుతుందో చూశాం, ఎంత నెడుతుందో అంచనా వేశాం, పెద్దగా లేదని వదిలేశాం. రచయితలు రాసిన ప్రతి లోపాన్నీ, వాళ్లు రాయనివి నీకు తోచినవాటినీ ఇలాగే నడిపించాలి.

నీకు హెడ్డింగ్ కనబడకపోవడం నీ తప్పు కాదు. చాలా పాత పేపర్లలో ఆ పేరుతో విడిగా సెక్షన్ ఉండదు. డిస్కషన్‌లో, ముఖ్యంగా వేరే ట్రయల్స్‌తో తమ ఫలితాన్ని పోల్చే చోట, అక్కడక్కడా ఉంటాయి. ఇంగ్లీషులో "హవెవర్", "ఇట్ ఈజ్ పాజిబుల్ దట్", "కుడ్ నాట్ బీ అసెస్డ్" లాంటి మాటలు తగిలినప్పుడల్లా వేగం తగ్గించు. కొత్త పేపర్లలో డిస్కషన్ చివర్లో ఒక పేరా ఉంటుంది. దాంట్లో సగం మర్యాద కోసం రాసినవి: ఒకే చోట చేశాం, ఇంకా పరిశోధన జరగాలి, వగైరా. అవి అబద్ధాలు కావు, కానీ అవి నీకు ఏమీ చెప్పవు. పైగా రచయితలు ఒప్పుకోవడానికి ఇబ్బంది లేనివే ముందు ఒప్పుకుంటారు. అందుకే లిమిటేషన్స్ పేరా చదవకముందే మెథడ్స్ చదివి నీ ప్రశ్నార్థకాలు నువ్వు పెట్టుకోమన్నాను. ఆ తర్వాత రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, నీ జాబితాలో ఉండి వాళ్ల జాబితాలో లేనిదేదో తెలుస్తుంది. క్లాసులో చర్చకి అంతకన్నా మంచి విషయం దొరకదు.

ఇంకో లోపం తీసుకుందాం. పదిహేనేళ్లలో ఎంతోమంది ఊరు వదిలి ఉంటారు. పెళ్లై వెళ్లినవాళ్లు, పని వెతుక్కుంటూ మద్రాసు వచ్చినవాళ్లు. వాళ్లకి తర్వాత టీబీ వస్తే ఈ లెక్కలోకి రాదు. ఇది ఏ ఖాళీకి తగులుతుంది? కేసుల సంఖ్యకి. ఎటు నెడుతుంది? టీకా వేసుకున్నవాళ్లూ వేసుకోనివాళ్లూ ఒకే రేటులో ఊరు వదిలితే, రెండు వైపులా కేసులు సమానంగా తగ్గుతాయి, వాటి మధ్య నిష్పత్తి మారదు. టీకా పడింది కదా అని ఎవరూ ఊరు మారరు కాబట్టి ఇది పోలికని చెడగొట్టే లోపం కాదు. కానీ "ఈ ప్రాంతంలో ఏటా ఎంతమందికి టీబీ వస్తుంది" అన్న ప్రశ్నకి ఇదే డేటా వాడితే, అదే లోపం అసలు సంఖ్యని తక్కువగా చూపించే ప్రమాదం ఉంది. ఒకే లోపం ఒక ప్రశ్నకి ఏమీ కాదు, ఇంకో ప్రశ్నకి చావుదెబ్బ. అందుకే "ఈ పేపర్‌కి చాలా లిమిటేషన్స్ ఉన్నాయి, నమ్మలేం" అనే మాట నాకు ఒళ్లు మంట. ఏ ప్రశ్నకి నమ్మలేం? అది చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే.

చోటు అన్న లోపం మాత్రం ఇక్కడ పేరుకి రాసేది కాదు. 1950లో బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక ట్రయల్ మొదలుపెట్టింది. బడి వదలబోతున్న పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలకి బీసీజీ ఇస్తే దాదాపు 80 శాతం రక్షణ కనబడింది. అక్కడ వాడింది డేనిష్ స్ట్రెయిన్. చెంగల్పట్టులో వాడిన రెండు స్ట్రెయిన్లలో ఒకటి డేనిష్‌దే. మరి ఒకచోట ఎనభై, ఒకచోట సున్నా ఏమిటి? పేపర్లలో ఏది తప్పు అని అడగాలనిపిస్తుంది. రెండు పేపర్ల మెథడ్స్ పక్కపక్కన పెట్టి నీ వాక్యంలోని ఖాళీలు నింపి చూస్తే, "మనుషులు" అన్న ఖాళీ పూర్తిగా వేరుగా ఉందని తెలుస్తుంది. చెంగల్పట్టు మట్టిలో, నీళ్లలో టీబీ క్రిమికి దాయాదులైన ఇతర మైకోబ్యాక్టీరియాలు విరివిగా ఉంటాయి. అక్కడి జనంలో ఎక్కువమందికి పెద్దయ్యేలోపే వాటితో పరిచయం అయిపోయిందని ట్రయల్‌లో చేసిన ఇంకో చర్మ పరీక్షలో బయటపడింది. ఆ పరిచయమే కొంత రక్షణ ఇచ్చేసి, బీసీజీ అదనంగా ఇచ్చేదేమీ మిగలకుండా చేసిందన్నది శాస్త్రవేత్తలు ఎక్కువగా చర్చించిన వివరణ. ఒకసారి టీబీ సోకినవాళ్లకే మళ్లీ బయటినుంచి సోకడం ఇక్కడ ఎక్కువ కావచ్చన్నది ఇంకో వివరణ. ఇవి వివరణలు. ఈ ట్రయల్ వాటిని పరీక్షించడానికి కట్టింది కాదు. డిస్కషన్‌లో ఇలాంటి వాక్యం కనబడినప్పుడు, ఇది వాళ్లు కొలిచిందా, ఊహించిందా అని పక్కన ఒక అక్షరం రాసుకో. నేను "కొ", "ఊ" అని రాస్తాను.

ఈ లెక్కన నీ స్లయిడ్ మీద ఉండాల్సిన వాక్యం ఇదిగో, ఖాళీలన్నీ నింపాక:

"చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన ట్రయల్‌లో, చేరేటప్పటికి టీబీ సోకిన గుర్తులు లేని 1,09,873 మందిని పదిహేనేళ్లు చూస్తే, కఫంలో క్రిమి కనబడే ఊపిరితిత్తుల టీబీ రాకుండా బీసీజీ పెద్దవాళ్లని కాపాడలేదు, పిల్లల్లో కొద్దిపాటి రక్షణ ఉందో లేదో తేలలేదు."

పొడుగ్గా ఉంది, నిజమే. స్లయిడ్‌లో రెండు లైన్లు ఎక్కువ పడుతుంది. పడనీ. దాని కింద రెండే లోపాలు పెట్టు: పిల్లల్లో వచ్చే తీవ్ర రూపాలని కొలవలేదు, ఈ ఫలితాన్ని వేరే చోట్లకి నేరుగా అంటగట్టలేం. మచ్చ సంగతి, వలస సంగతి స్లయిడ్‌లో పెట్టకు, ఎవరైనా అడిగితే నోటితో చెప్పు. పది లోపాలు వరసపెడితే ఏది బరువైనదో నీకు తెలియలేదని వినేవాళ్లకి అర్థమైపోతుంది.

ఒక ప్రశ్న మాత్రం ఖాయంగా వస్తుంది: "మరి ఇప్పటికీ ప్రభుత్వ ఆస్పత్రుల్లో పుట్టిన బిడ్డకి బీసీజీ ఎందుకు వేస్తున్నారు?" నీ వాక్యం చేతిలో ఉంటే దీనికి తడుముకోనక్కర్లేదు. అప్పుడే పుట్టిన బిడ్డలు ఈ ట్రయల్‌లో లేరు. వాళ్లకి టీకా వేసేది ప్రధానంగా టీబీ మెనింజైటిస్, మిలియరీ టీబీల నుంచి కాపాడటానికి, ఆ రక్షణ ఉందని వేరే అధ్యయనాలు చూపించాయి. ఈ ట్రయల్ ఆ రూపాలని కొలవలేదు. కాబట్టి ఈ పేపర్‌కీ ఆ టీకా కార్యక్రమానికీ వైరుధ్యం లేదు. ఆ ప్రశ్న అడిగినవాళ్లని మెథడ్స్‌లో కేసు నిర్వచనం ఉన్న పేజీ దగ్గరికి తీసుకెళ్లు. ఆ పేజీ ఫొటో తీసి చివరి స్లయిడ్‌గా దాచిపెట్టుకుంటే ఇంకా నయం.